తొంభై ఒకటి తెచ్చిన పరేషాన్

మెదక్ బస్టాండుకు ఎదురుగా, మందుల షాపు పైన రెండో అంతస్తులో, మా కోచింగ్ సెంటర్ ఉండేది. నేను అక్కడ తెలుగు చెప్పేవాణ్ణి. ఎలిశిబా మేడం లెక్కలు చెప్పేది. నా క్లాసులో నిద్రపోయేవాళ్లు ఆమె క్లాసుకు లేచి, మొహం కడుక్కుని, ముందు బెంచీ కోసం కొట్లాడేవారు. నాకు బాధ ఉండేది కాదని అనను.

ఆమెకు అప్పటికి యాభై రెండేళ్లు. తండ్రి ఇమ్మాన్యుయేల్ వడ్రంగి. పెద్ద చర్చిలో విరిగిన బెంచీలన్నీ ఆయన చేతి మీదుగానే నిలబడ్డాయి. ఇంట్లో టేపు, మూలమట్టం, పెన్సిలు గీతల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి కొలత తప్పితే ఆమెకు నిజంగానే ఒళ్లు మండేది. పెళ్లి పత్రిక ఇస్తే ముందు పెళ్లికూతురి పేరు చూసేది కాదు, తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందో లేదో చూసేది. ఒకసారి మా బావమరిది గృహప్రవేశం పత్రిక ఇస్తే, "సార్, ఇరవై మూడో తారీఖు గురువారం కాదు, శుక్రవారం. చుట్టాలు ఏ రోజు రావాలె?" అంది. నాలుగు వందల పత్రికలు మళ్లీ అచ్చేయించాం.

దారిలో పోయే బండ్ల నంబర్లను కూడా వదిలేది కాదు. ఆటో ఎక్కే ముందు నంబరు చూసి పెదవులు కదిపేది. "ఇరవై మూడు వందల పది. అబ్బ, ముప్పై రెండు కారణాంకాలు సార్, మంచి బండి" అనేది. నేను కొత్త బైకు కొని చూపిస్తే దాని పదిహేడు వందల ముప్పై తొమ్మిదిని కాసేపు చూసి, "ముప్పై ఏడింట్ల నలభై ఏడు. నాలుగే ఉన్నయి పాపం" అని జాలిపడింది. ఆ రోజు నుంచి ఆ బండి నాకూ కొంచెం బీదగా కనిపించసాగింది.

కారణాంకాలు అంటే ఒక సంఖ్యను మిగులు లేకుండా భాగించేవి. పోటీ పరీక్షల్లో 'ఈ సంఖ్యకు ఎన్ని కారణాంకాలు ఉన్నాయి' అనే ప్రశ్న తరచు వస్తుంది. దాన్ని ఆమె చెప్పే తీరు చూడడానికి నేను గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. ఆమె బోర్డు మీద పన్నెండు వేసి, రెండు ఇంటూ రెండు ఇంటూ మూడు అని విడగొట్టేది. తర్వాత చాక్‌పీసు పక్కన పెట్టి టిఫిన్ సెంటర్ తెరిచేది.

"ఇనుండ్రి. రెండు అంటే ఇడ్లీ. మూడు అంటే వడ. పన్నెండు దగ్గర రెండు ఇడ్లీలు, ఒక వడ ఉన్నయి. నువ్వు ప్లేటు పట్టుకొని వచ్చినవ్. ఇడ్లీ ఎన్ని రకాలుగ తీసుకోవచ్చు?"

"రెండు" అనేవారు అందరూ.

"గిక్కడనే మోసపోతరు. ఒకటి తీస్కోవచ్చు, రెండు తీస్కోవచ్చు, అసలే తీస్కోకపోవచ్చు. మూడు రకాలు. అందుకే ఘాతానికి ఒకటి కలపాలె. వడ తీస్కుంటవ్ లేకపోతే లేదు, రెండు రకాలు. మూడింట్ల రెండు, ఆరు ప్లేట్లు. ప్లేట్ల ఉన్నయి గుణించుకో. ఖాళీ ప్లేటు ఒకటి. ఒక ఇడ్లీ రెండు. రెండు ఇడ్లీలు నాలుగు. ఒట్టి వడ మూడు. ఇడ్లీ వడ ఆరు. అన్నీ తీస్కుంటే పన్నెండు. అయిపాయె. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, పన్నెండు. ఇంకోటి ఉంటే చూపియ్యుండ్రి."

ఎవరూ చూపించేవారు కాదు. అందరికీ ఆకలి మాత్రం అయ్యేది.

ఆ ఏడాది సెంటర్లో నూట నలభై మంది చేరారు. ఎక్కువ మంది ఉద్యోగ పరీక్ష రాసే పెద్దవాళ్లే: పెళ్లయినవాళ్లు, పొలం పనులున్నవాళ్లు, ఎక్కడో చిన్న కొలువు చేస్తూ పెద్ద కొలువు చూస్తున్నవాళ్లు. వాళ్ల కోసం మేడం జేబులో పట్టేంత చీటీ ఒకటి అచ్చేయించి, ప్లాస్టిక్ తొడిగించి పంచింది. ఒక వైపు వర్గాలు, ఘనాలు. రెండో వైపు వంద లోపు ప్రధాన సంఖ్యలు, వరుసకు ఐదు చొప్పున. చివరి వరుసలో మాత్రం ఆరు పడ్డాయి. ఆ చీటీని జనం దేవుడి పటంలా దాచుకున్నారు. అభిలాష్ అనే కుర్రాడైతే దాన్ని ఫోను కవరు వెనక పెట్టుకున్నాడు.

అభిలాష్‌కు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ అయిపోయింది, చురుకైనవాడు. అతని పెద్దనాన్న ఇంద్రకరణ్ ఒకప్పుడు పూర్తి వ్యవసాయదారు. ఇప్పుడు ఇటుక బట్టీ, దాని పక్కన కొంచెం రాజకీయం. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా ఆయన ఫోటోతో ఫ్లెక్సీ పడేది.

రేగోడ్ నుంచి వచ్చే భూలక్ష్మి సంగతి వేరు. ముప్పై ఒక్క ఏళ్లు, ఇద్దరు పిల్లలు, నాలుగెకరాల పత్తి. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, మధ్యాహ్నం బస్సుకు పరుగెత్తేది. చీటీలు పంచిన నెలకు చేరింది కాబట్టి ఆమెకు చీటీ అందలేదు. అడగడానికి మొహమాటం. పైగా ఆమెకు ఫార్ములా అంటే సగమే నమ్మకం. ఏ లెక్కైనా ఫార్ములాతో చేసి, మళ్లీ చేత్తో చేసి, రెండూ ఒకటైతేనే పెన్ను మూసేది.

సెంటర్ యజమాని మదన్ మోహన్ గారు జూన్‌లో ఒక పెద్ద నమూనా పరీక్ష పెట్టారు. మొదటి బహుమతి ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. ఎందుకు కుక్కరు అని నేను అడిగితే, "పెన్నులిస్తే పోగొట్టుకుంటరు సార్. కుక్కరైతే ఇంట్ల అందరికి మన సెంటర్ పేరు యాదికుంటది" అన్నారు. కుక్కరు మూత మీద సెంటర్ పేరు చెక్కించారు కూడా.

పేపరు ఎలిశిబా మేడం తయారుచేసింది. నలభై మూడో ప్రశ్న: వెయ్యి తొంభై రెండుకు ఎన్ని కారణాంకాలు? ఎనిమిది, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు.

అభిలాష్‌కు ఎనభై ఏడు మార్కులు వచ్చాయి. భూలక్ష్మికి ఎనభై ఆరు. సోమవారం పొద్దునకల్లా చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'మెదక్ టౌన్ టాపర్' అని అభిలాష్ ఫోటో. దాని పైన అంతకు రెండింతలు పెద్దగా, చేతులు జోడించిన ఇంద్రకరణ్ ఫోటో. కొత్తగా చూసేవాళ్లు పరీక్ష ఆయనే రాశాడనుకున్నారు.

మంగళవారం క్లాసు అయిపోయాక భూలక్ష్మి స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో ఆమె కొడుకు నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం. నేను అక్కడే చాయ్ తాగుతున్నాను.

"మేడం, జర ఒక్క మాట. నలభై మూడోది నాకు తప్పు వడ్డది. ఎక్కడ తప్పిన్నో తెలుస్తలేదు."

"ఏం పెట్టినవ్?"

"ఇరవై నాలుగు."

మేడం నవ్వింది. తప్పు చేసినవాళ్ల మీద ఆమెకు కోపం ఉండేది కాదు, ఆ తప్పు ఎక్కడి నుంచి మొదలైందో చూడాలన్న ఉబలాటం ఉండేది. "పన్నెండు గదా రావాలె. ఏదీ, నీ కాగితం చూపియ్యి."

కాగితం మీద భూలక్ష్మి ఫార్ములా రాయలేదు. జతలు రాసింది. ఒకటి, వెయ్యి తొంభై రెండు. రెండు, ఐదు వందల నలభై ఆరు. మూడు, మూడు వందల అరవై నాలుగు. నాలుగు, రెండు వందల డెబ్బై మూడు. అలా కిందికి పోయి చివర ఇరవై ఎనిమిది, ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. ఒక్కో వరుసలో ఉన్న రెండింటినీ గుణిస్తే వెయ్యి తొంభై రెండే. మేడం వేలితో వరుసలు లెక్కపెట్టింది. పన్నెండు.

"సూసినవా!" అంది సంతోషంగా. "జతలు పన్నెండే ఉన్నయి. నువ్వు ఒక్కోదాన్ని రెండుసార్లు లెక్కవెట్టినవ్. అందుకే ఇరవై నాలుగైంది. అయిపాయె."

భూలక్ష్మి తలూపింది. తలుపు దాకా పోయింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, చాలా మెల్లగా అడిగింది.

"మేడం, మరి ఒకటి వేరే, వెయ్యి తొంభై రెండు వేరే కాదా? పన్నెండుకు చెప్పినప్పుడు మీరు ఒకటిని ఒక ప్లేటు, పన్నెండును ఒక ప్లేటు అన్నరు. రెండు ప్లేట్లు లెక్కవెట్టిండ్రు గదా."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. మేడం కాగితం మళ్లీ తీసుకుంది. ఈసారి పై నుంచి కిందికి కాదు, ఒక్కో సంఖ్యనూ పట్టి చూస్తూ పోయింది. పదమూడు, ఎనభై నాలుగు అన్న వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

"పదమూడు ఎక్కడికెల్లి వచ్చింది?" అంది తనలో తాను. "నా లెక్కల పదమూడే లేదు."

డ్రాయరు లాగి తన జవాబుల కాగితం తీసింది. నేనూ తొంగి చూశాను. శుభ్రమైన అక్షరాల్లో ఉంది: రెండు వర్గం, ఇంటూ మూడు, ఇంటూ తొంభై ఒకటి. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి, మూడు ఇంటూ రెండు ఇంటూ రెండు, పన్నెండు.

"తొంభై ఒకటి..." అంది మేడం.

"ఏడు పదమూళ్లు మేడం" అంది భూలక్ష్మి, ఏదో తప్పు చేసినదానిలా. "నేను ఏడుతోటి కొట్టిన. పోయింది."

మేడం బ్యాగులోంచి చీటీ బయటకు తీసింది. చివరి వరుస చూసింది. డెబ్బై మూడు, డెబ్బై తొమ్మిది, ఎనభై మూడు, ఎనభై తొమ్మిది, తొంభై ఒకటి, తొంభై ఏడు. వంద లోపు ప్రధాన సంఖ్యలు ఇరవై ఐదే. వరుసకు ఐదు చొప్పున వేస్తే ఐదు వరుసల్లో సరిగ్గా సరిపోవాలి. ఆరోది ఎందుకు మిగిలిందని ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు. అచ్చేయించే ముందు రోజు హడావుడిలో తన చేత్తో తానే రాసిన తొంభై ఒకటి. తర్వాత ప్రశ్న తయారుచేసేటప్పుడూ ఆ చీటీ ముందు పెట్టుకుని, దాన్నే నమ్మి విడగొట్టింది.

"మేడం, నాకు ఇప్పుడు సమజైంది" అని భూలక్ష్మి ఉన్నట్టుండి ఉత్సాహపడింది. "తొంభై ఒకటి ఒక్క ఐటం కాదు. ఏడు పూరి, పదమూడు బజ్జి. రెండు కలిపి ఒకటే పొట్లంల కట్టిండ్రు. పొట్లం తీస్కుంటవా లేదా అంటే రెండు రకాలే. పొట్లం ఇప్పితే పూరి వేరే, బజ్జి వేరే, నాలుగు రకాలు. అందుకే సగం తక్కువైంది!"

మూడు ఇంటూ రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు. ఇరవై నాలుగు. నాలాంటి తెలుగు పంతులుకు కూడా ఆ పొట్లం విప్పగానే లెక్క కళ్ల ముందు కనబడింది.

మేడం లేచి భూలక్ష్మి భుజం మీద చెయ్యి వేసింది. "తప్పు నీది కాదమ్మా. నాది. పదకొండేండ్ల సంది ఇక్కడ చెప్తున్న, నేను ఇంత తప్పు చేసింది ఇదే మొదలు." కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది. "నీ బస్సు టైం అయితుంది, నువ్వు పో. నేను చూసుకుంట."

భూలక్ష్మి పోయాక ఆమె ఖాళీ క్లాసు రూంలోకి వెళ్లింది. తలుపు సందులోంచి చూస్తే బోర్డు మీద తొంభై ఒకటి అని రాసి, తుడిచి, మళ్లీ రాస్తోంది.

మదన్ మోహన్ గారికి చెప్పినప్పుడు ఆయన ముందు ఫ్యాన్ వేగం పెంచారు.

"మేడం, ఒక్క మార్కు. గంతే కదా. ఫ్లెక్సీ కట్టి రెండు దినాలైంది. ఇంద్రకరణ్ అన్న ఊరంత చెప్పుకుండు. ఇప్పుడు కాదంటే పక్క సెంటరోళ్లు నవ్వుతరు."

"నవ్వితే నవ్వనియ్యుండ్రి సార్. కుక్కరు సంగతి తర్వాత. ఈ చీటీ జేబుల వెట్టుకొని నూట నలభై మంది పరీక్షకు పోతుండ్రు. రేపు ప్రశ్నల తొంభై ఒకటి వస్తే వాళ్లందరు నా మాట నమ్మి మునుగుతరు. గప్పుడు ఎవ్వరికి నవ్వొస్తది?"

ఆయన ఫ్యాన్ ఇంకో నంబరు పెంచారు.

మర్నాడు ఆమె అన్ని బ్యాచీలనూ ఒకే హాల్లో కూర్చోబెట్టి, బోర్డు మీద చీటీ చివరి వరుస రాసి, "ఇందుల నేను చేసిన తప్పు ఉన్నది, పట్టుండ్రి" అంది. ఆమె తప్పు చేసిందన్న మాటే వాళ్లకు తలకెక్కలేదు. చివరికి ఆమే తొంభై ఒకటి చుట్టూ గుండ్రం చుట్టి, భూలక్ష్మిని ముందుకు పిలిచి, వెయ్యి తొంభై రెండును మళ్లీ విడగొట్టించింది. తర్వాత చీటీలు వెనక్కి ఇమ్మంది. నూట ఇరవై ఆరు వచ్చాయి. మిగిలినవాళ్లు ఇంట్లో ఉందన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సాయంత్రం బస్టాండు పక్క జిరాక్స్ షాపు ముందు నుంచి పోతుంటే మేడం గక్కున ఆగింది. తీగకు బట్టల క్లిప్పులతో తన చీటీలే వేలాడుతున్నాయి. షాపు వీరయ్యది.

"వీరన్నా, గిది ఎక్కడిది?"

"మీదే మేడం! మీ పిల్లలే ఇచ్చిండ్రు. మస్తు పోతుంది. నర్సాపూర్ దాక తీస్కపోతుండ్రు" అన్నాడు వీరయ్య గర్వంగా.

"అందుల తప్పున్నది అన్నా."

"ఉండనియ్యుండ్రి మేడం, ఎవ్వలు అడుగుతలేరు."

మేడం బ్యాగులోంచి నల్ల మార్కరు తీసి, స్టూలు లాక్కుని, అక్కడే కూర్చుంది. ఉన్న కట్టలన్నీ దించి ఒక్కో కాగితం మీద తొంభై ఒకటిని నల్లగా కొట్టేయసాగింది. నేను బైకు మీద వస్తూ చూసి ఆగాను. నాకూ ఒక మార్కరు ఇచ్చింది. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు, మేము ఏదో ప్రభుత్వ పని చేస్తున్నామనుకుని ఆధార్ కార్డులు మా చేతికిచ్చారు. మొత్తం మూడు వందల పన్నెండు కాగితాలు. చివరి కాగితం కొట్టేశాక ఆమె వేళ్ల మీద సిరా చూసుకుని, "మూడు వందల పన్నెండుకు పదహారు కారణాంకాలు సార్" అంది. నేను కళ్లు పెద్దవి చేశాను. "ఈసారి రెండుసార్లు సరిచూసిన. రెండు ఘనం, మూడు, పదమూడు. నాలుగింట్ల రెండు, ఎనిమిది. ఎనిమిదింట్ల రెండు, పదహారు."

ఇక మిగిలింది ఇంద్రకరణ్.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంకా తెల్లచీర మీదే, ఆమె నన్ను తోడు రమ్మంది. ఇంద్రకరణ్ బట్టీ దగ్గరే దొరికాడు. రేకుల కింద కుర్చీలో కూర్చుని ఇటుకల లోడు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేయించాడు. మేడం చుట్టూ తిప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొహం మెల్లగా కాలిన ఇటుక రంగుకు వచ్చింది.

"అంటే మా వోడు టాపర్ కాదంటరు."

"రెండోడు అన్నా. ఒక్క మార్కు."

"మేడం, మీరే పన్నెండన్నరు, ఇప్పుడు మీరే ఇరవై నాలుగంటరు. రేపు వచ్చి నలభై ఎనిమిది అంటే? లెక్క అంటే ఒక్క తీరుగ ఉండాలె గదా!"

న్యాయమైన ప్రశ్నే. మేడం ఎదురుగా పేర్చి ఉన్న ఇటుకల వైపు చూసింది.

"అన్నా, నా మాట నమ్మకు. నువ్వే లెక్కగట్టు. వెయ్యి తొంభై రెండు ఇటుకలున్నయి. పదమూడు మంది కూలీలు మోయాలె. అందరికి సమానంగ పంచాలె. ఒక్కొక్కరికి ఎన్ని?"

ఇంద్రకరణ్ కళ్లు మూసుకున్నాడు. చదువు ఎనిమిదో తరగతే గానీ ఇటుకల లెక్క ఆయనకు ఊపిరి తీసినంత సులువు. "పదమూడు ఎనభైలు వెయ్యి నలభై. యాభై రెండు మిగిలె. పదమూడు నాలుగులు యాభై రెండు. ఎనభై నాలుగు." కళ్లు తెరిచాడు. "ఒక్క ఇటుక గూడ మిగలలేదు."

"నేను చేసిన లెక్క ప్రకారం పదమూడు మందికి సమానంగ పంచరాదు. ఏడుగురికీ పంచరాదు."

"ఏడుగురికి నూట యాభై ఆరు. మంచిగనే వస్తయి గదా!" ఆయనకు ఇప్పుడు లెక్క మీద కోపం వచ్చింది, మనిషి మీద పోయింది. "గట్లెట్ల రాదంటరు? పది మందికి అంటే రాదు, నాకెరుకే. పద్నాలుగు మందికి?"

"నువ్వే చెప్పు."

"డెబ్బై ఎనిమిది. ఇరవై ఆరు మందికి నలభై రెండు!" చేతి వేళ్లు మడుస్తూ ఆయన ఒక్కడే ముందుకు పోయాడు. లోడు ఎక్కించేవాళ్లు పని ఆపి వింటున్నారు. ఇరవై నాలుగు రకాల పంపకాలు అయ్యాక ఆగాడు. ఇంకొకటి దొరుకుతుందేమోనని కాసేపు ఆకాశం వైపు చూశాడు. దొరకలేదు.

అప్పుడే అభిలాష్ బండి మీద వచ్చాడు. విషయం అతనికి క్లాసులోనే తెలుసు. ఇంట్లో చెప్పడానికే ధైర్యం చాలలేదు.

"పెద్దనాయినా, తప్పు మేడం ఒక్కదానిదే కాదు. నేను గూడ తొంభై ఒకటిని ముట్టుకోలే. చీటీ చూసిన యాదికి పన్నెండు గుద్దిన. భూలక్ష్మి అక్క మాత్రం చేసి చూసింది" అన్నాడు. "కుక్కర్ ఇచ్చేద్దాం."

ఇంద్రకరణ్ గొంతు సవరించుకున్నాడు. "కుక్కర్ల మీ పెద్దమ్మ రెండుసార్లు పప్పు ఉడకబెట్టింది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మేడం కూడా. చివరికి ఇంద్రకరణ్ సైతం నవ్వాడు. అయితే ఒక్క షరతు పెట్టాడు: ఫ్లెక్సీ దించొద్దు. ఎంతైనా మనిషికి చౌరస్తాలో ఒక మొహం ఉండాలి గదా! దాంతో ఫ్లెక్సీ వేసినతన్నే పిలిచి పైన ముక్కలు అతికించారు. అభిలాష్ ఫోటో కింద 'ద్వితీయ'. దాని పక్కన భూలక్ష్మి పాస్‌పోర్ట్ సైజు ఫోటో, దాని కింద 'ప్రథమ'. ఆ ఫోటోను పెద్దది చేసేసరికి ఆమె కళ్లు రెండూ ఆశ్చర్యంతో తెరుచుకున్నట్టు వచ్చాయి. పైన ఇంద్రకరణ్ మాత్రం ఎప్పటిలాగే, అందరికన్నా పెద్దగా, చేతులు జోడించి ఉన్నాడు.

కుక్కరు ఇవ్వడానికి అభిలాష్ స్వయంగా రేగోడ్ వెళ్లాడు. మేడం, నేను వెనక ఆటోలో. భూలక్ష్మి పత్తి చేనులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వాడిన కుక్కరని అభిలాష్ సిగ్గుపడుతూ చెప్పాడు.

"మంచిదే తమ్మీ" అంది ఆమె, మూత మీది విజిల్ తిప్పి చూస్తూ. "సీటీ వస్తదో లేదో అని నేను చూసుకునే పని తప్పింది."

తర్వాత ఆ ఏడాది పరీక్ష వచ్చింది. రైళ్ల మీద రెండు ప్రశ్నలు, నీళ్ల ట్యాంకు మీద ఒకటి. కారణాంకాల మీద ఒక్కటీ లేదు. మేడం పేపరు రెండు వైపులా తిప్పి చూసి, "ఇంత పరేషాన్ అయినం, ఒక్కటన్న అడగకపాయిరి" అని నిజంగానే బాధపడింది. అభిలాష్‌కు ఉద్యోగం రాలేదు. బట్టీ లెక్కలు చూసుకుంటూ మళ్లీ చదువుతున్నాడు. భూలక్ష్మికి రెండోసారి రాసినప్పుడు వచ్చింది. రేగోడ్‌లోనే చిన్న ఆఫీసులో గుమాస్తా కొలువు.

ఇప్పుడు ఆమె ఆదివారాలు ఇంటి వరండాలో ఊరి ఆడవాళ్లకు లెక్కలు చెబుతుంది. పోయిన నెల మేడంతో కలిసి నేనూ వెళ్లాను. పదిహేను మంది చాపల మీద కూర్చున్నారు. మేడం వద్దన్నా వినకుండా చివరి వరుసలో చాప మీదే కూర్చుంది. నేను స్తంభానికి ఆనుకున్నాను.

భూలక్ష్మి గోడకు ఆనించిన చిన్న బోర్డు ముందు నిలబడి అడిగింది. "సరిగ్గ ఏడు కారణాంకాలున్న చిన్న సంఖ్య ఏది? తొందర వద్దు. ఆలోచించుండ్రి."

అందరూ నోట్‌బుక్కుల మీదికి వంగారు. ఒకామె పది అంది. దానికి నాలుగే ఉన్నాయని పక్కనామె చెప్పింది. ఇంకొకామె ముప్పై ఆరు అంది. లెక్కపెడితే తొమ్మిది వచ్చాయి. చివరి వరుసలో మేడం కూర్చున్నచోటే కదలడం మొదలుపెట్టింది. ఏడును ఒకటి కాని రెండు సంఖ్యల గుణకారంగా విడగొట్టలేం, కాబట్టి ఐటం ఒక్కటే ఉండాలి, అది ఆరుసార్లు ఉండాలి, ఖాళీ ప్లేటుతో కలిపి ఏడు రకాలు. ఆ మాట ఆమె పెదవుల చివర ఆడుతున్నట్టు నాకు కనిపించింది. ఇక ఆగలేక చెయ్యి ఎత్తేసింది.

"అరవై..."

"మేడం!" భూలక్ష్మి చాక్‌పీసు ఆమె వైపు చూపించింది. "మీరు చెప్పొద్దు. వాళ్లను చెయ్యనియ్యుండ్రి."

ఎలిశిబా మేడం చెయ్యి దించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది. ముందు వరుసలో ఒకామె వేళ్ల మీద రెళ్లు గుణించుకుంటూ పోతోంది. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు...